అనకూడని మాటల గడి

భాగ్య కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మెదక్‌లో ఎవరైనా ఉంటే వచ్చి నాకు చెప్పాలి. వాళ్లకు ఒక జాకెట్టు ఊరికే కుట్టిస్తాను. నా టైలర్ షాపుకూ ఆమె రికార్డింగ్ గదికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఆ గోడకు అటువైపు ఆమె ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మాట్లాడుతూ నడుస్తుంది, తింటూ నడుస్తుంది, ఫోన్‌లో ఎవరినో ఆగమని చెబుతూ తాను మాత్రం నడుస్తుంది. మైకు ముందు కాళ్లు కదిపితే చప్పుడు పడుతుంది కాబట్టి అక్కడ నిలబడి చేతివేళ్లు ఆడిస్తుంది. నా షాపుకొస్తే స్టూలు చూపిస్తాను. ఆమె దాని మీద చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసి, గుమ్మంలోకి పోయి నిలబడుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుట్టింది అల్లాదుర్గ్ దగ్గర. ఆటో నడిపే ఎల్లాన్ని పెళ్లి చేసుకుని మెదక్ వచ్చింది. మొదట ఎరువుల దుకాణంలో బిల్లులు రాసేది. సరుకు పేరు ఒకసారి రాసి, కింద వరుసలన్నిటికీ రెండు చిన్న గీతలు పెట్టేది. పైదే అని అర్థం. చేతికి తొందర ఎక్కువ కదా, ఆ గీతలంటే ఆమెకు ప్రాణం. ఒకరోజు ఆ దుకాణం ప్రచారానికి మైకులో చెప్పాల్సిన మనిషి రాలేదు. షావుకారు తల పట్టుకుంటే భాగ్య మైకు లాక్కుని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఎల్లం తన ఆటోకు హారన్ పెట్టెలు కట్టింది ఆ తర్వాతే. అప్పటినుంచి మా వైపు బట్టల దుకాణం తెరిచినా, బడిలో చేరికలు మొదలైనా, సర్కస్ వచ్చినా వినపడేది ఆమె గొంతే. ఆ గొంతు మాత్రం చెప్పుకోదగ్గది. మనిషి ఎంత తొందరో గొంతు అంత నిదానం. వింటుంటే ఎవరో మన మంచానికి ఆనుకుని కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. మనిషిని ఎరిగినదాన్ని కాబట్టి నాకు నవ్వొస్తుంది.

ఆమెకొక గర్వం ఉంది. కాగితం చేతికిస్తే ముందు చదువుకోదు. మైకు ముందే మొదటిసారి చదువుతుంది, ఆ చదివిందే రికార్డు అవుతుంది. రెండోసారి చదవడమంటే చేతకానివాళ్ల పని అని ఆమె లెక్క. ఆమె దగ్గర సౌండ్ పని చూసే రిచర్డ్ భారీ మనిషి, మాటా కదలికా రెండూ నెమ్మది. ఒకసారి చూసుకో భాగ్యా అని అతను ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె అప్పటికే సగం చదివేసి ఉండేది.

ఏఐ సంగతి తెచ్చింది కూడా రిచర్డే. ఇదివరకు ప్రకటనల మాటలు భాగ్యే రాసుకునేది. ఒకే ముక్క ఊరూరా వేస్తే జనం రెండో రోజుకే చెవిన పెట్టరు. రైతులకు ఒక రకంగా, పిల్లల తల్లులకు ఇంకో రకంగా, ముసలివాళ్లకు మరో రకంగా కావాలి. అన్నన్ని రాయడం ఎవరి తరం? మొదట్లో ఫోన్‌లో ఏఐని ఒక్కొక్కటే అడిగి రాయించుకునేది. ప్రతిసారీ మొత్తం కథ మొదటినుంచి చెప్పాలి, చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతుంది. అప్పుడు రిచర్డ్ ఒక మూస తయారు చేద్దామన్నాడు. అది నాకు వెంటనే అర్థమైంది. మేం ఖాకీ కాగితం మీద జాకెట్టు మూస కోసి పెట్టుకుంటాం. మనిషిని బట్టి కొలతలే మారతాయి, కోత అదే.

వాళ్ల మూస కూడా అంతే. మారని మాటలు కొన్ని పైన ఉంటాయి: నువ్వు ఆటో మైకుకు ప్రకటన రాస్తున్నావు, మా మెదక్ యాసలో రాయి, చిన్న వాక్యాలు రాయి, చదివితే నోరు తిరగాలి. వాటి కింద అయిదు ఖాళీ గళ్లు. వస్తువేంటి, వినేదెవరు, ఏ ధోరణిలో చెప్పాలి, ఎంత నిడివి, ఏమేం అనకూడదు. కంప్యూటర్లో ఒక పట్టిక పెట్టారు. పట్టికలో ఒక్కో వరుస ఒక్కో ప్రకటన. ఆ వరుసలోని అయిదు గళ్లలో ఉన్నదాన్ని తీసి మూసలోని ఖాళీల్లో నింపి ఏఐకి పంపేలా రిచర్డ్ అమర్చాడు. ఏ వరుసకు ఆ వరుస విడిగా పోతుంది, రాసిన ప్రకటన వచ్చి అదే వరుస చివర పడుతుంది. టీ తాగి వచ్చేలోపు మైకుల దండుకు సరిపడా మాటలు వచ్చేస్తాయి.

గళ్లు నింపడం కూడా కొన్నాళ్లకు గానీ చేతికి రాలేదు. నిడివి గడిలో అర నిమిషం అని రాస్తే ఒకసారి నాలుగు ముక్కలు, ఒకసారి రామాయణమంత వచ్చేది. యాభై మాటలు అని రాయడం మొదలుపెట్టాక కొంచెం అటూ ఇటూగా కుదిరింది. అనకూడని మాటల గడి అయితే తలనూనె డబ్బాలు అమ్మే ఒకతని వల్ల తెలిసింది. బట్టతల మీద జుట్టు మొలుస్తుందని అనకూడదు అని రాస్తే, అది ఆ మాట వదిలేసి నున్నటి నేల మీద మళ్లీ పచ్చదనం అని రాసింది. రిచర్డ్ గంటసేపు నవ్వాడు. అప్పటినుంచి ఆ గడిలో, అదే అర్థం వచ్చేలా వేరే మాటల్లో కూడా అనకూడదు అని చేర్చారు. భాగ్య ఆ గడి గురించి నాకు గొప్పగా చెప్పేది, నిలబడే.

అంతా బాగానే ఉన్నప్పుడు మహేష్ వచ్చాడు. నిజాంపేట వైపు భూములున్నవాళ్ల అబ్బాయి. రాగులు, జొన్నలు, కొర్రలు వేయించి, పట్టించి ప్యాకెట్లు చేసే యంత్రాలు పెట్టాడు. జావ పిండి. పిండి మంచిదే, మా ఇంట్లోనూ తాగాం. ఊళ్లన్నీ తిరిగి ఆటోలోనే అమ్మాలి, ఎల్లం మైకు వేస్తూ ప్యాకెట్లు ఇవ్వాలి, ఏ ఊరికి ఆ ఊరి మాటలు వేరుగా ఉండాలి అన్నాడు. ముఖ్యంగా షుగర్ ఉన్న ముసలివాళ్లు బాగా కొంటున్నారని, వాళ్లను చూసి రాయించమని చెప్పాడు. భాగ్య ఒప్పుకుంది. అయితే తినే వస్తువు రోగం తగ్గిస్తుందని చెప్పనని ముందే అన్నది. నా ముందే అన్నది. ఆయన సరేనన్నాడు.

ఆ ప్రకటనలు వచ్చిన వారం ఆమె గది నుంచి గొంతు ఆగకుండా వినపడింది. రైతన్నా అని ఒకసారి, చెల్లెలా అని ఒకసారి, అవ్వా అని ఒకసారి. ఆ అవ్వా అన్నప్పుడు నేను మిషన్ తొక్కడం ఆపి విన్నాను. మాటలు గోడకు అవతల సరిగ్గా తెలియలేదు గానీ, ఆ పిలుపులో ఎంత ప్రేమ ఉందంటే, నన్ను కూడా ఎవరైనా అలా పిలిస్తే బాగుండునని అనిపించింది.

టేక్మాల్ అవతలి ఊరినుంచి పద్మమ్మ అని నాకొక పాత గిరాకీ ఉంది. రెండు మూడు రోజుల తర్వాత ఆమె కొలతలివ్వడానికి వచ్చింది. చెయ్యి చాపమంటే చాపి, పక్క గదిలో భాగ్య గొంతు విని ఆగిపోయింది. మైకుల మాట్లాడేది ఈమేనా అని అడిగింది. అవునన్నాను.

"అయితే జర అడుగుండ్రి. ఆ జావ తాగితే షుగర్ గోళీలు బంద్ చెయ్యొచ్చా? మా ఇంటి పక్క ఐలవ్వ నిన్నటి సంది గోళీలు ఏసుకుంటలేదు. డబ్బా తీసి అటక మీద పారేసింది. మైకుల చెప్పిండ్రు అంటది."

నేను టేపు మెడలో వేసుకునే గోడవతలికి పోయాను. భాగ్య మొదట నా మీదే లేచింది. తాను అలా చెప్పలేదని, చెప్పనని మహేష్‌తో మొహం మీదే అన్నానని, ముసలామె ఏదో విని ఏదో అనుకుని ఉంటుందని, గది ఈ మూలనుంచి ఆ మూలకు నడుస్తూ చెప్పింది. రిచర్డ్ కంప్యూటర్లో టేక్మాల్ వైపు ఊళ్లకు పోయిన రికార్డింగ్ వెతికి వేశాడు.

ఆమె గొంతే. మంచం పక్కన కూర్చున్నట్టున్న ఆ గొంతే. "అవ్వా, బాగున్నవా? రోజు గోళీలు మింగి మింగి నీ పానం ఇసిగిపోయింది గదా. ఇగ వాటికి సెలవియ్యవ్వా. నీ మనవరాలి మాట ఇను. పొద్దున ఒక గిలాసెడు జావ తాగు, షుగర్ సంగతి అది చూసుకుంటది."

భాగ్య ఆగింది. మొదటిసారి కాళ్లు ఆగాయి. ఆమె ఆ మాటలు నోటితో చదివింది, కానీ వినడం అదే మొదలు. చదివేటప్పుడు ఆ పిలుపు మీదే ఉందట ధ్యాసంతా. ఎంత బాగా వచ్చిందోనని మురిసిపోయి, తర్వాతి కాగితం అందుకుందట.

ఆ గడిలో రాసిన కదా, ఎట్ల వస్తది అని ఆమె పట్టిక తెరిపించింది. పై వరుసలో రాసే ఉంది. షుగర్, బీపీ, ఏ రోగమైనా తగ్గుతుందని, గోళీలు మానొచ్చని, డాక్టర్లు చెప్పారని అనకూడదు. అదే అర్థం వేరే మాటల్లో కూడా రాకూడదు. ఎంత బాగా రాసింది. దాని కింద వరుసలో, దాని కింద, దాని కింద, చివరి వరుస దాకా, ఆ గడిలో రెండేసి చిన్న గీతలు.

పైదే.

రిచర్డ్ వేలు పెట్టి చూపించాడు. నాకు అర్థం కాక అడిగితే అప్పుడు చెప్పాడు. ఏ వరుసకు ఆ వరుస విడిగా పోతుంది. అయిదో వరుసను రాసేటప్పుడు దానికి మొదటి వరుస అనేది ఒకటుందనే తెలియదు. దానికి అందింది ఇంతే: వస్తువు జావ పిండి, వినేది షుగర్ ఉన్న ముసలివాళ్లు, ధోరణి మనవరాలి ప్రేమతో, యాభై మాటలు, అనకూడనివి రెండు గీతలు. షుగర్ ఉన్న ముసలిమనిషికి మనవరాలు ప్రేమగా ఏం చెబుతుంది? అది అదే చెప్పింది. మిగతా గళ్లు ఆమె వరుస వరుసకూ నింపింది. ఈ ఒక్కటే పొడుగ్గా ఉందని, చిన్న స్క్రీన్ మీద పట్టిక ఆగమాగం కనపడుతుందని గీతలు పెట్టింది. ముందుగా పరీక్షించింది కూడా. మొదటి వరుసనే పరీక్షించింది. అది శుభ్రంగా వచ్చింది. రైతులకు, తల్లులకు రాసినవి కూడా శుభ్రంగానే ఉన్నాయి, అది మన అదృష్టం. ముసలివాళ్ల కోసం రాసిన వాటిలోనే గోళీలకు సెలవు, గోళీలకు వీడ్కోలు, గోళీల అవసరం ఏముంది అని రకరకాలుగా వచ్చాయి. అన్నిట్లోనూ అవ్వా ఉంది, తాతా ఉంది.

నాకు కోపమొచ్చింది. ఒక్కసారి చదివితే నీ సొమ్మేం పోయేది అని అరవబోయాను. ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాను.

ఎల్లానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. నెత్తి మీద హారన్ పెట్టెలు మోగుతుంటే ఆయనకు ఫోన్ ఎక్కడ వినపడుతుంది? మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. తర్వాత స్కూటీ తాళం తీసుకుని నన్ను ఎక్కమంది. నేనెందుకంటే, పద్మమ్మ ఇల్లు నీకు తెలుసు కదా అంది. ఒక్కసారెప్పుడో పెళ్లి బట్టలు ఇవ్వడానికి పోయిన పాపానికి, మెడలో టేపుతో అలాగే ఎక్కాను. పద్మమ్మ కొలతలు సగంలోనే ఉండిపోయాయి. ఆమెను షాపులో కూర్చోమని రిచర్డ్‌కు అప్పజెప్పాం.

టేక్మాల్ దారిలో భాగ్య స్కూటీ నడపడం గురించి నేను చెప్పను. బర్రెలు పక్కకు జరిగాయి. మధ్యలో మహేష్ ఫోన్ చేశాడు. రిచర్డ్ చెప్పినట్టున్నాడు. ఆమె బండి ఆపి, దిగి, రోడ్డు పక్కన అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడింది. ఆయన గొంతు నాకూ వినపడుతూనే ఉంది. ఆయన తిట్టలేదు, అదే ఇబ్బంది. బతిమాలాడు. ఆ వైపు ఊళ్లలోనే పిండి బాగా పోతోందని, సాయంత్రం దాకా అలాగే నడవనివ్వమని, రేపటినుంచి మార్చుకుందామని, ఒక్క రోజుకు ఎవరికీ ఏమీ కాదని అన్నాడు. ఇది మన ఊరి పిండి అక్కా, మంచిదే కదా అన్నాడు.

"పిండి మంచిదే మహేషూ. గా మాట మంచిది గాదు. నువ్వొద్దన్నా ఆపుత. కావాలంటే రేపటి సంది వేరేటోళ్లతోని చెప్పిచ్చుకో."

ఫోన్ పెట్టేసి స్కూటీ ఎక్కబోయి ఒక క్షణం హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. ఆ పిండి ప్రకటనలు పోతే ఆమె గదికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసు.

ఎల్లం ఆటో ఆ ఊరి మొదట్లోనే దొరికింది. దూరంనుంచే అవ్వా బాగున్నవా అని వినపడింది. ఆ రోజు ఆ పిలుపు నా వీపు మీద గోకినట్టయింది. భాగ్య స్కూటీ స్టాండు కూడా వేయకుండా దిగి, పోయి పెన్‌డ్రైవ్ పీకేసింది. బండి పడకుండా నేను పట్టుకున్నాను. పాపం ఎల్లం ఏమీ ఎరగడు. ఏమైందే అని అడుగుతుంటే మైకు అతని చేతిలోంచి లాక్కుంది.

అందులో ఆమె ఏం చెప్పిందో అంతా నేను రాయలేను, ఎందుకంటే సగం నాకే అర్థం కాలేదు. కాగితం లేకుండా ఆమె మాట్లాడితే అది ఆమె అసలు మాట. గడగడ, తొందర తొందర. నిన్న మొన్న చెప్పింది తప్పు, గోళీలు బంద్ చెయ్యకుండ్రి, డాక్టర్ చెప్పిందే చెయ్యుండ్రి, జావ జావే గోళీ గోళీయే అని ఊరంతా తిరిగి చెప్పింది. జనం తలుపుల్లోంచి చూశారు. ఒకాయన ఇంకో కంపెనీ పిండి వచ్చిందా అని అడిగాడు. కొందరికి ఎవరో పోట్లాడుతున్నట్టుందట. మైకులో రోజూ వినే గొంతు ఇదేనని ఎవరూ పోల్చుకోలేదు.

ఎల్లానికి ఏ ఇంట్లో ప్యాకెట్లు తీసుకున్నారో గుర్తుంది. ఇల్లిల్లూ తిరిగాం. చాలామంది గోళీలు వేసుకుంటూనే ఉన్నారు, మైకు మాటలు ఎవరు పట్టించుకుంటారు అని నవ్వారు. ఆ నవ్వు విని భాగ్యకు కొంచెం ఊపిరాడింది. ఆఖరుకు పద్మమ్మ ఇంటి పక్క రేకుల ఇంటికి పోయాం.

ఐలవ్వ గడపలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒంటరి మనిషి. మనవరాలు ఒకతె పెళ్లయి అత్తారింటికి పోయిందని పద్మమ్మ ముందే చెప్పింది. భాగ్య నిలబడే గోళీల సంగతి గడగడా చెప్పింది. ముసలామె కాయ పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూసింది.

"నువ్వెవరివి బిడ్డా? మైకుల పిల్ల మంచిగ చెప్పింది నాకు. నువ్వేందో కొట్లాటకు వచ్చినట్టు మాట్లాడుతున్నవ్."

నేనే ఆ పిల్లనని భాగ్య అన్నది. ఐలవ్వ నమ్మలేదు. ఆ పిల్ల నిదానంగా మాట్లాడుతుందని, అవ్వా అంటుందని, బాగున్నవా అని అడుగుతుందని చెప్పింది. రోజుకు రెండుసార్లు అడుగుతుందట. ఆటో మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి వింటుందట. ఆ పిల్ల చెప్పింది కాబట్టే గోళీలు పక్కన పెట్టిందట, వచ్చి అరిచేవాళ్లు చెబితే మళ్లీ ఎందుకు మింగుతుంది?

భాగ్య నా వైపు చూసింది. నా దగ్గర ఏముంది, మెడలో టేపు తప్ప. నాకు ఆ ముసలామె మీద జాలి, భాగ్య మీద జాలి, మహేష్ మీద కోపం, అన్నీ ఒకేసారి వచ్చాయి. అప్పుడు భాగ్య చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆ గడప మీద, ఐలవ్వ పక్కన కూర్చుంది. చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుంది. మెల్లగా, ఆ గొంతుతోనే అంది.

"అవ్వా. బాగున్నవా?"

ఐలవ్వ చేతులు ఆగిపోయాయి. తిరిగి భాగ్య మొహంలోకి చూసింది.

"నువ్వేనా బిడ్డా గీ మాట్లాడేది. నేను నా మనవరాలి ఈడు పిల్ల అనుకున్న."

"నేనే అవ్వా. మొన్న తప్పు చెప్పిన. చదువుకోకుండ చెప్పిన. గోళీలు ఏసుకోవాలె. ఏసుకుందువు గాని, డబ్బా యాడ పెట్టినవ్?"

ఎల్లం అటక మీదనుంచి డబ్బా తీశాడు. అన్నం తిన్నాక వేసుకునే గోళీ అది. అన్నం ఇంకా వండలేదు. పోయిరండి, వండుకుని వేసుకుంటానంది ఐలవ్వ. ఆ మాట నమ్మవచ్చో లేదో ఎవరికీ తెలియదు. భాగ్య లేవలేదు. నువ్వు వండుకో అవ్వా, నేను ఉంట అంది. పొయ్యి అంటించడం, ఎసరు కాగడం, బియ్యం ఉడకడం, చిక్కుడుకాయ కూర దగ్గరపడడం, అన్నీ అయ్యేదాకా భాగ్య ఆ గడప మీదే కూర్చుంది. కాలి బొటనవేలు నేలను గీకుతూనే ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది. మహేష్ పేరు కనపడి పోయింది, మళ్లీ కనపడింది. ఆమె ఒక్కసారీ లేవలేదు. లేవకుండా ఉండడానికి ఆమె పడ్డ కష్టం చూస్తే నాకే కాళ్లు గుంజాయి.

ఐలవ్వ తిని, గోళీ వేసుకుని, నీళ్లు తాగింది. రేపు దవాఖానకు పోయి షుగర్ చూపించుకోవాలని, తోడు పద్మమ్మ వస్తుందని ఒప్పించాం. లేస్తుంటే భాగ్య ఆ పిండి ప్యాకెట్ గురించి అడిగింది. అది తాగొచ్చు అవ్వా, తాగితే బలమే అంది. ఐలవ్వ గూట్లోంచి ప్యాకెట్ తీసి చూపించింది. దాన్ని విప్పనే లేదు.

"జావ నాకు ఇంపు గాదు బిడ్డా. అవ్వా అని పిలిస్తివి గదా, మరి ఇంటికచ్చిన పిల్లను ఊకె పంపుత్తమా, అందుకే కొన్న. రేపు మల్ల అస్తవా?"

భాగ్య వస్తానని చెప్పలేదు. రానని కూడా చెప్పలేదు. చెప్పకుండానే స్కూటీ ఎక్కింది. మెదక్ దాకా బండి ఎంత నెమ్మదిగా నడిపిందంటే, రాందాస్ చౌరస్తాలో వెనకనుంచి ఆటోవాళ్లు హారన్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆమె గదిలో నడక చప్పుడు లేదు. ఏమైందోనని పోయి చూశాను. కుర్చీలో కూర్చుని ఉంది. రిచర్డ్ పక్కన నిలబడి ఉన్నాడు. రోగాల మాటలను పట్టికలోని గడిలోంచి తీసి, మూసలో పైన మారని మాటల్లోకి మార్చారు. ఇక అవి ఏ వరుసకైనా తప్పకుండా పోతాయి. గడిలో ఆ వస్తువుకు మాత్రమే అనకూడనివి రాయాలి. ఖాళీ ఉన్నా, గీతలున్నా ఆ వరుస ఏఐకి పోకుండా ఆగిపోవాలని రిచర్డ్ ఏర్పాటు చేశాడు. అయినా అది ఏం రాస్తుందో చెప్పలేమని, అందుకే రాసిందంతా ముందు ఒకరికి పైకి చదివి వినిపించాకే మైకు ముందుకు పోతుందని భాగ్య చెప్పింది. ఆ ఒకరు ఎవరో నాకు అప్పుడే అర్థమైంది.

మహేష్ పిండి వేరేవాళ్ల దగ్గరికి పోయింది. బట్టల దుకాణం పని ఒకటి వచ్చింది. భాగ్య కాగితాలు పట్టుకుని నా షాపుకు వచ్చింది. స్టూలు చూపించాను. కూర్చుంది. నేను నమ్మలేక మిషన్ ఆపేశాను. ఒక్కొక్కటీ చదివింది. బాగానే ఉన్నాయి గానీ ఏదో చప్పగా ఉన్నాయి. అమ్మా లేదు, అన్నా లేదు, చెల్లెలా లేదు. ఊరివాళ్లకు మనవి అని ఉంది, అంతే. ఇదేంటని అడిగాను. ఆమె కాగితాల్లోంచి మూస తీసి చూపించింది. పైన, మారని మాటల్లో, రోగాల మాటల కింద కొత్తగా ఒక వరుస ఉంది. వినేవాళ్లను చుట్టరికం పెట్టి పిలవకూడదు.

"గిట్లయితే ఎవరు వింటరే భాగ్యా?" అన్నాను.

"వినకపోనీ అక్కా. పోయి గడపల కూసోలేని ఇంటికి మనవరాలి లెక్క మాట్లాడొద్దు."

చెప్పి, కాగితాలు సర్దుకుంది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఎల్లం చెప్పిన మాట ఒకటి నాకు చెప్పింది. ఇప్పుడు ఆటో ఆ ఊళ్లోకి పోయినప్పుడల్లా ఐలవ్వ గడపలోకి వచ్చి నిలబడుతోందట. మైకులో బట్టల రేట్లు మలుపు తిరిగేదాకా విని, ఇయ్యాల గూడ నన్ను బాగున్నవా అని అడగలేదేందిరా అని ఎల్లాన్ని అడుగుతోందట.